చేతులు కాలింది నిజమే, మరి ఆకులెక్కడ?

మా ఆఫీసు తెలుగు మిత్రులు ఉగాదికి ఒక చిన్న సంచిక వేస్తామని, అందులోకి నన్నూ ఏదో ఒకటి రాయమని అడిగారు. మాది ప్యాపిలి దగ్గర. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. హైదరాబాదు నుంచి బెంగుళూరు బస్సెక్కినవాళ్ళు నిద్రలో దాటేసే ఊళ్ళలో అదొకటి. సరే, బోరుబావుల గురించి రాద్దామని కూర్చున్నా. ఒక ఆదివారం పొద్దున్నే మూడు పేజీలు అయిపోయాయి. పేరు కూడా దానంతటదే తట్టింది: "చేతులు కాలాక ఆకులు". మొదటి వాక్యంలో సామెత, చివరి వాక్యంలో సామెత. భలే కుదిరిందే అనుకున్నా.

పండగకి ముందు ఊరెళ్ళినప్పుడు మా చెల్లెలు దాన్ని చిన్నాయనకి చదివి వినిపించింది. అందులో ఉన్నది ఆయన కథే. ఆయన మొత్తం విని ఒక్కటే మాట అడిగాడు.

"ఆకులు నా పక్కన పెట్టుకోని నేను పట్టుకోలేదంటావా రా? యాడుండె ఆకులు?"

నా దగ్గర జవాబు లేదు.

ఇంతకీ జరిగిందేమిటంటే, చిన్నాయనకి నాలుగెకరాల చీనీ తోట (కోస్తా వాళ్ళ బత్తాయి). మొదటి బోరు ఏడేళ్ళు బాగానే పోసింది. ఆ నీళ్ళు చూసే చీనీ పెట్టాడు. చెట్లు కాపుకి రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. సరిగ్గా కాపు మొదలయ్యాక బోరు ఆగిపోయింది. రెండో బోరు నాలుగు వందల అడుగులు పోయినా దుమ్మే. మూడోది ఆరు వందలు దాటాక కొంచెం నీళ్ళు పడ్డాయి, ఎండాకాలానికి అవీ తగ్గాయి. అడుగుకింత అని లెక్క, లోతు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. నీళ్ళు పడకపోయినా రిగ్గు వాడికి ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే.

ఇప్పుడు నా సామెతని ఈ కథ మీద పెట్టి చూద్దాం. పొయ్యి మీద కాగే కుండ దించాలి. పక్కనే ఆకులున్నాయి. వాటితో పట్టుకుంటే కాలదు. పట్టుకోకుండా దించి, కాలిన తర్వాత ఆకుల కోసం చెయ్యి చాపాడు. అంటే ఈ సామెత "ఆలస్యమైంది" అని మాత్రమే చెప్పట్లేదు. ఉపాయం అందుబాటులో ఉంది, ఆ మనిషికి తెలుసు, అయినా ముందు వాడలేదు అని కూడా చెబుతోంది. అది ఒక నేరారోపణ. మొదటిసారి రాసినప్పుడు నాకు "ఆలస్యం" ఒక్కటే కనబడింది.

మరి చిన్నాయన విషయంలో ఆకులేవి? "ముందే వాననీరు ఇంకించుకోవాల్సింది" అని రాశాను నేను. కానీ గట్టిరాతి నేలలో నీరుండేది రాతి పగుళ్ళలో. ఆ పగుళ్ళు మన గట్టు దగ్గర ఆగవు. ఆయన ఒక్కడు గుంత తవ్వి నీరు ఇంకించినా, పక్క పొలాల్లో నాలుగు బోర్లు లోతుకి పోయి లాగుతుంటే అది ఆయనకే మిగలాలని ఏమీ లేదు. బోరు వేసే ముందు అనుమతి ఉండాలని, రిగ్గులు రిజిస్టరు కావాలని 2002 నాటి వాల్టా చట్టం చెప్పింది. ఎందుకంటే ఇది ఒక్క రైతు జాగ్రత్తతో తేలే పని కాదు. ఆకులంటూ ఉంటే అవి ఊరుమ్మడివి. ఒక మనిషి మీద ఆ సామెత వేయడం అబద్ధం చెప్పడమే.

సరే, ఇంకో సామెత వెతికా. "దురాశ దుఃఖానికి చేటు"? ఆయన ఉన్న చెట్లు బతికించుకోవాలనుకున్నాడు, అది ఆశే తప్ప దురాశ కాదు. "ముందు నుయ్యి వెనుక గొయ్యి"? బోరు గురించిన వ్యాసంలో నుయ్యి! చాలా మోజు పడ్డా. కానీ ఆ సామెతలో మనిషి కదలలేక నిలబడిపోయాడు. చిన్నాయన ఆగలేదు, మూడుసార్లు కదిలాడు. మాట కలిసింది, కథ కలవలేదు. మనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే అని నా అనుమానం.

చివరికి సామెత ఆయన నోట్లోనే దొరికింది. రెండో బోరు ఎండాక మళ్ళీ అదే చేలో రిగ్గు ఎందుకు దించావు చిన్నాయనా అంటే, "పోగొట్టుకున్న చోటే యెతుక్కోవల్ల గదా" అన్నాడు.

ఇది అతికింది. ఎక్కడ అతికిందో, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ అతకలేదో చూడండి. ఉంగరం పోతే పోయినచోటే వెతకాలి, ఎందుకంటే అది ఇంకా అక్కడే ఉంది. ఆ సామెతలోని తర్కమంతా ఆ "ఇంకా అక్కడే ఉంది"లో ఉంది. బోరులో పోసిన డబ్బు అక్కడ లేదు, రిగ్గు వాడితో వెళ్ళిపోయింది. నీరూ అక్కడే ఉందని నమ్మకం లేదు. అక్కడ ఉన్నవల్లా చెట్లు. అవి వేరే చోటికి రావు కాబట్టి ఆయనకి వేరే చోటు లేదు. ఆయన్ని మూడోసారి తవ్వించింది చెట్లు, ధైర్యం చెప్పింది సామెత.

వ్యాసం తిరగరాశా. పేరులోంచి, మొదటి వాక్యంలోంచి సామెత తీసేశా. పాత మొదలు ఇలా ఉండేది:

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బోర్లు ఎండిపోయాక మన రైతులు మేలుకుంటున్నారు."

కొత్తది మధ్యలో, రెండో బోరు ఎండిన తర్వాత వస్తుంది:

"పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని చిన్నాయన మళ్ళీ అదే చేలో రిగ్గు దించాడు. పోయింది ఉంగరమైతే ఆ మాట నిజమే."

పాత వ్యాసంలో సామెత తీసేసి చదివితే ఏమీ పోదు. కొత్తదాంట్లో తీసేస్తే మూడో బోరు ఎందుకు వేశాడో అర్థం కాదు. నా మటుకు నాకు ఇదే పరీక్ష.

ఈ తేడా పాతవాళ్ళకి తెలియంది కాదు. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో లోకోక్తి ఒక అలంకారమని చెప్పి, అదే లోకోక్తి లోపల ఇంకో అర్థం పెట్టుకుంటే దాన్ని ఛేకోక్తి అని విడిగా లెక్కపెట్టాడు. నా మొదటి వ్యాసం అచ్చంగా అలంకారమే!

మన ఆఫీసుల్లోనూ ఇదే జరుగుతుంది. సర్వరు పడిపోయిన మర్నాడు మీటింగులో ఎవరో ఒకరు "చేతులు కాలాక ఆకులు" అంటారు. వారం ముందు నుంచి డిస్కు నిండుతోందని అలర్టు వస్తుంటే ఎవరూ చూడకపోతే, ఆ మాట న్యాయమే. ఆకులు పక్కనే ఉన్నాయి. అసలు అలర్టే పెట్టి ఉండకపోతే, లేదా పెట్టడానికి ఆ కుర్రాడికి అనుమతి లేకపోతే, ఆ సామెత వల్ల పని జరగదు సరికదా, నింద వాడి నెత్తిన పడుతుంది. అందరూ తలలూపి వెళ్ళిపోతారు. అనుమతి ఎందుకు లేదన్న ప్రశ్న ఎవరూ అడగరు. సామెతకి అంత బలం ఉంది, ఎదురు ప్రశ్న వేయనివ్వదు.

కొత్త వ్యాసం కూడా చిన్నాయనకి చదివించా. ఈసారి పోట్లాడలేదు. కాసేపు ఊరుకుని, "అయితే ఆ మాట నేను అనకూడదంటావు" అన్నాడు.

అనొచ్చు చిన్నాయనా, నాలుగో బోరుకి మాత్రం వద్దు అన్నాను. నవ్వాడు గానీ, వెయ్యనని చెప్పలేదు.