అందరినీ తొమ్మిదింటికే ఎందుకు రమ్మంటారు?

‘అందరినీ పొద్దున తొమ్మిదింటికే రమ్మంటే గొడవ ఉండదు. విడివిడిగా టైములిస్తే ఒకడు రాడు, అధికారులు ఖాళీగా కూర్చోవాలి.’ ఇంటర్వ్యూల మాట వస్తే మన ఆఫీసుల్లో ఎవరిని కదిపినా చెప్పేది ఇదే. ఇది అనుభవంలోంచి వచ్చిన వివేకమని చాలామంది నమ్ముతారు. నేను నమ్మను. ఇది అధికారి నిమిషాన్ని కాపాడటానికి అభ్యర్థి రోజును ఖర్చుపెట్టే పద్ధతి. పైగా ఆ నిమిషం కూడా దక్కదు.

2019 జులైలో గ్రామ వలంటీర్ల ఎంపిక జరిగింది. యాభై ఇళ్లకు ఒకరు. మండలానికో కమిటీ: ఎంపీడీఓ, తహశీల్దార్, ఈఓపీఆర్డీ. మైదాన ప్రాంతంలో ఇంటర్ పాసైతే అర్హత, సగం పోస్టులు ఆడవాళ్లకు. పెదకాకాని లాంటి మండలంలో ఇలాంటి ఎంపికకు ఒక రోజు ఎలా వేసుకోవచ్చో లెక్క కట్టి చూద్దాం.

ఒక్కో అభ్యర్థికి పన్నెండు నిమిషాలు. అందులో మాట్లాడేది ఎనిమిది, మార్కులు వేయడానికి మూడు, మనిషి మారడానికి ఒకటి. ఆ మూడు నిమిషాలనే ముందు మింగేస్తారు. అప్పుడు భోజనాల వేళ అందరి మార్కులూ జ్ఞాపకం మీద పడతాయి. షీట్లో వరసగా ఏడెనిమిది మందికి ఒకే అంకె కనిపిస్తే జరిగింది అదేనని పోల్చుకోవచ్చు.

తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఏడుగురు, పావుగంట విరామం. పదకొండుంపావు నుంచి ఒంటిగంట దాకా ఎనిమిది మంది. ముప్పావుగంట భోజనం. ఒంటిగంట నలభై అయిదు నుంచి ఏడుగురు, మళ్లీ పావుగంట, మూడున్నర నుంచి అయిదు దాకా ఇంకో ఏడుగురు. మొత్తం 29 మంది. ప్రతి విడత చివరా ఆరు నుంచి తొమ్మిది నిమిషాలు మిగులుతాయి. అవి వృథా కాదు, ఆలస్యాన్ని అక్కడే ఆపే అడ్డుకట్ట.

పావుగంట విరామాలు ఎందుకని అడుగుతారు. తహశీల్దార్‌కు ఫోన్లు రాక మానవు, సంతకాలకు ఫైళ్లు రాక మానవు. వాటికి చోటివ్వకపోతే అవి ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఎనిమిది నిమిషాల్లోంచి పోతాయి.

ఇప్పుడు ఈ 29 మందినీ తొమ్మిదింటికే రప్పించండి. సగటున ఒక్కొక్కరు నాలుగు గంటలకు పైనే కూర్చుంటారు, చివరి మనిషి దాదాపు ఎనిమిది గంటలు. పత్తి విత్తే జులైలో అది ఒక రోజు కూలి. చంటిపిల్లతో వచ్చిన తల్లికి అంతకంటే ఎక్కువే. అదే ప్రతి విడతనూ అరగంట ముందు పిలిస్తే సగటు నిరీక్షణ గంటా పది నిమిషాలు దాటదు. ఎవరికీ రెండు గంటలు పట్టదు. యూపీఎస్సీ కూడా ఇంటర్వ్యూలకు ఉదయం విడత, మధ్యాహ్నం విడత అని వేర్వేరుగానే పిలుస్తుంది.

‘అధికారులు ఖాళీగా కూర్చుంటారు’ అన్న భయానికి జవాబు 1952లోనే వచ్చింది. ఇంగ్లండులో బెయిలీ, వెల్చ్ అనే ఇద్దరు ఆసుపత్రి ఓపీ వరసల్ని పరిశీలించి, మొదట ఇద్దరిని పిలిచి, తర్వాత ఒక్కొక్కరినీ సగటు వ్యవధికి ఒకరి చొప్పున పిలిస్తే డాక్టరుకు పని ఆగదని, రోగీ ఎక్కువ కూర్చోడని చూపారు. గది బయట ఎప్పుడూ ఒకరిద్దరు సిద్ధంగా ఉంటే చాలు. ఇరవైమంది అక్కర్లేదు.

ఆ ఒకరిద్దరు నిజంగా సిద్ధంగా ఉండాలి. నిజానికి ప్యానెల్ ఖాళీగా కూర్చునేది మనిషి రాక కాదు, కాగితం దొరక్క. లోపలికెళ్లాక ఇంటర్ మెమో జిరాక్సు కోసం సంచీ వెతుక్కుంటే నాలుగు నిమిషాలు పోతాయి. అందుకే గేటు దగ్గరే ఒక బల్ల వేసి, ఒక గుమాస్తాను కూర్చోబెట్టి ఆధార్, మెమో, కుల ధ్రువీకరణ అక్కడే చూసేయాలి. తర్వాత నీడలో కుర్చీలు, తాగునీళ్లు, ఎవరి వంతు నడుస్తోందో రాసిన బోర్డు. తలుపు పక్కన రెండే కుర్చీలు. బయటికి పోయే దారి వేరుగా ఉండాలి. అదే దారిన వస్తే ‘ఏమడిగారు?’ అంటూ అందరూ చుట్టుముడతారు, తలుపు దగ్గర గుంపు కడుతుంది, తర్వాతి వాళ్లకు ప్రశ్నలు ముందే తెలిసిపోతాయి.

విడతల్ని ఊరి వారీగా కట్టాలన్నది నా పట్టుదల. నంబూరు వాళ్లొక విడత, వెనిగండ్ల వాళ్లొక విడత, తక్కెళ్లపాడు వాళ్లొకటి. ఒకే ఊరి పోస్టులకు పోటీపడేవాళ్లను అదే ప్యానెల్ వరసగా చూస్తుంది, కాబట్టి పొద్దుటి హుషారులో కొందరికి, సాయంత్రపు అలసటలో కొందరికి మార్కులు పడవు. ఒకే ఆటోలో కలిసి కూడా రావచ్చు. ఊరు పెద్దదై ఒక విడతలో పట్టకపోతే పక్క విడతలోకి పొడిగించాలి గానీ మర్నాటికి తోయకూడదు.

ఇక ‘ఒకడు రాడు’ అన్న మాట. రానివాడి స్లాట్‌లోకి తలుపు పక్క కుర్చీలో ఉన్నవాళ్లు వెళ్తారు. ఆలస్యంగా వచ్చినవాడు తన విడత చివర మిగిలిన సమయంలో వెళ్తాడు, అదీ దాటితే సాయంత్రం అయిదు తర్వాత. ఈ నియమాన్ని పిలుపు కాగితం మీదే అచ్చువేయాలి. ప్యానెల్ ఇద్దరి వంతు వెనకబడితే గుమాస్తా తర్వాతి విడత వాళ్లకు ఫోన్ చేసి ఇరవై నిమిషాలు ఆగి బయల్దేరమని చెప్పాలి. దరఖాస్తులో నంబరు రాయించుకున్నాక ఆ ఫోను చేయకపోవడానికి ఏ ఆఫీసుకూ సాకు లేదు.