మార్చి బిల్లులో మూడేళ్ల ఆదాయం

తెలుగు రాష్ట్రాల్లో సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముతున్న చిన్న, మధ్యతరహా కంపెనీల యజమానులకు, వాటి లెక్కలు రాసేవారికి, ఆ లెక్కల మీద సంతకం పెట్టే ఆడిటర్లకు ఈ కరపత్రం. సాఫ్ట్‌వేర్‌తో పాటు మూడేళ్ల సపోర్టు, సిబ్బందికి శిక్షణ కలిపి ఒకే ధరకు అమ్మినప్పుడు ఆ మొత్తాన్ని బిల్లు వేసిన రోజే ఆదాయంగా రాసుకునే అలవాటు మానాలి. ఒప్పందం కుదిరిన రోజే ధరను ఆ మూడు బాధ్యతల మధ్య పంచి కాగితం మీద పెట్టాలి. ఏ బాధ్యత తీరితే దాని వాటానే ఆదాయంగా చూపాలి. మెయిన్‌బోర్డులో లిస్టయిన కంపెనీలు, 250 కోట్ల రూపాయలు, అంతకు మించి నికర విలువ ఉన్న కంపెనీలు 2018 ఏప్రిల్ 1 నుంచి ఇండ్ ఏఎస్ 115 కింద ఈ పని చేస్తున్నాయి. మిగిలిన కంపెనీల్లో అత్యధికం ఇంకా 1985 నాటి ఏఎస్ 9 కిందే ఉన్నాయి. సేవల ఆదాయాన్ని సేవ అందించిన మేరకే చూపాలని ఆ పాత ప్రమాణం కూడా అంటుంది. ట్యూషన్ ఫీజును పాఠాలు చెప్పే కాలమంతటికీ పంచాలని దాని ఉదాహరణల్లోనే ఉంది. అయితే సరుకూ సేవా ఒకే ధరలో కలిసిపోతే ఆ ధరను ఎలా విడదీయాలో అది చెప్పదు. సూత్రం ఉన్నా లెక్క కట్టే పద్ధతి లేకపోవడం వల్లే ఈ అలవాటు కొనసాగుతోంది.

ఇక్కడ లెక్క సులువుగా కనబడేలా ఒక ఊహాత్మక ఒప్పందం తీసుకుందాం. ఒక కంపెనీ ఓ ఆసుపత్రికి తన సాఫ్ట్‌వేర్‌ను 30 లక్షలకు అమ్మింది. సాఫ్ట్‌వేర్ ఆసుపత్రి సొంత సర్వర్‌లోనే నడుస్తుంది, లైసెన్స్ శాశ్వతం. బిల్లులో ఒకటే వరుస: ‘సాఫ్ట్‌వేర్ లైసెన్స్, 30 లక్షలు’. దాని కింద ‘మూడేళ్ల సపోర్టు, 20 రోజుల శిక్షణ ఉచితం’ అని ఉంది. మార్చి 20న సాఫ్ట్‌వేర్ ఎక్కించి నడిపి చూపించారు. సపోర్టు ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది, శిక్షణ మే నెలలో. పాత అలవాటు ప్రకారం మార్చిలోనే 30 లక్షల అమ్మకం రాసేస్తారు. ఆ తర్వాత మూడేళ్లపాటు సపోర్టు ఇంజినీర్ల జీతాలు ఖర్చుగా పడుతూనే ఉంటాయి, వాటికి ఎదురుగా ఈ ఒప్పందం నుంచి ఒక్క రూపాయి ఆదాయం కనబడదు. మొదటి ఏడాది లాభం ఉబ్బిపోతుంది, తర్వాతి ఏళ్లలో లాభం తగ్గిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి మళ్లీ మార్చిలో ఇంకో పెద్ద ఒప్పందం కావాలి, దాని కోసం ఇంకాస్త ఎక్కువ ‘ఉచితం’ ఇవ్వాలి.

ఇదే ఒప్పందాన్ని విడి ధరలతో చూద్దాం. లైసెన్స్ ఒక్కటే కావాలన్నవారికి కంపెనీ 24 లక్షలకు ఇస్తోంది. ‘నాలుగో ఏడాది నుంచి ఏఎంసీ ఏడాదికి 4 లక్షలు’ అని ఒప్పందంలోనే రాసుకున్నారు. అంటే ఉచితమన్న మూడేళ్ల సపోర్టు విలువ 12 లక్షలని కంపెనీయే తన చేత్తో రాసిచ్చినట్టు. శిక్షణ విడిగా రోజుకు 20 వేలు, 20 రోజులకు 4 లక్షలు. మొత్తం 40 లక్షల విలువైనవి 30 లక్షలకు ఇచ్చారు, అంటే ప్రతిదాని మీదా నాలుగో వంతు తగ్గింపు. ఈ తగ్గింపు ఏదో ఒక్కదానికే చెందుతుందని గట్టి ఆధారం లేనంతవరకు దాన్ని అన్నిటి మీదా సమానంగా పంచాలి. అప్పుడు లైసెన్స్ వాటా 18 లక్షలు, సపోర్టు వాటా 9 లక్షలు, శిక్షణ వాటా 3 లక్షలు. మార్చి 31కి నిజంగా సంపాదించింది 18 లక్షలే. రెండో ఏడాది శిక్షణ 3 లక్షలు, సపోర్టు 3 లక్షలు కలిసి 6 లక్షలు, ఆ తర్వాత రెండేళ్లూ మూడేసి లక్షలు వస్తాయి. నాలుగేళ్లు కలిపితే పైసా తేడా లేకుండా 30 లక్షలే. మారేది ఏ రూపాయి ఏ ఏడాదిదో అన్నది మాత్రమే. మార్చిలో రాయాల్సిన పద్దు కూడా సులువే. 18 శాతం జీఎస్టీతో కలిపి ఆసుపత్రి ఖాతాకు 35.40 లక్షలు డెబిట్. అమ్మకానికి 18 లక్షలు, ఇంకా సంపాదించని ఆదాయం కింద అప్పుల వైపు 12 లక్షలు, కట్టాల్సిన జీఎస్టీకి 5.40 లక్షలు క్రెడిట్. ఆ 12 లక్షలు కంపెనీ ఇంకా చేయాల్సి ఉన్న పని విలువ.

పంచే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇచ్చిన మాటలు నిజంగా విడివిడివేనా? ఆసుపత్రి ల్యాబ్ యంత్రాల నుంచి రిపోర్టులు సాఫ్ట్‌వేర్‌లోకి రావడానికి కంపెనీ మూలకోడ్‌నే భారీగా తిరగరాయాల్సి ఉండి, ఆ పని పూర్తయ్యేదాకా సాఫ్ట్‌వేర్ ఆసుపత్రికి పనికిరాదనుకోండి. అప్పుడు లైసెన్స్, ఆ మార్పులు కలిసి ఒకటే బాధ్యత. మార్చిలో 18 లక్షలు కూడా రాయకూడదు, పని సాగిన మేరకే రాయాలి. శిక్షణ సంగతి వేరు. శిక్షణ లేకున్నా సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, మాన్యువల్ చూసో, వేరేవాళ్ల చేతో నేర్చుకోవచ్చు. కనుక అది దాదాపు ఎప్పుడూ విడి బాధ్యతే. సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్‌లోనే ఉండి ఆసుపత్రి నెట్ ద్వారా వాడుకుంటూ, దాన్ని తన దగ్గరికి తెచ్చుకునే హక్కు లేకపోతే, అక్కడ చేతికిచ్చిన లైసెన్సే లేదు. చందా కాలమంతటికీ ఆదాయం పంచాల్సిందే.

విడదీయకూడనిదాన్ని విడదీయడం, ధరను తప్పుగా పంచడం అనే రెండు తప్పులూ ఎక్కడికి దారితీస్తాయో అమెరికా అనుభవం చూపించింది. మైక్రోస్ట్రాటజీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ లైసెన్సులను, వాటితో ముడిపడిన భారీ సేవలను కలిపి అమ్మి, విడదీయడానికి వీల్లేని చోట కూడా లైసెన్స్ ఆదాయాన్ని ముందే రాసుకుంది. లెక్కలు సవరిస్తామని 2000 మార్చి 20న ప్రకటించగానే షేరు ఒక్కరోజులో 60 శాతానికి పైగా పడిపోయింది. 1997 నుంచి 1999 దాకా చూపిన లాభాలు సవరణ తర్వాత నష్టాలుగా తేలాయి. జిరాక్స్‌ది రెండో రకం తప్పు. లీజు ఒప్పందాల్లో యంత్రం, సర్వీసు, వడ్డీ కలిసి ఉండేవి. నెలనెలా రావాల్సిన సర్వీసు, వడ్డీల వాటాలోంచి కొంత యంత్రం వాటాలోకి జరిపితే ఆదాయం ముందుగా వచ్చేస్తుంది. ఇలాంటి పద్ధతులతో 1997 నుంచి 2000 మధ్య 300 కోట్ల డాలర్లకు పైగా యంత్రాల ఆదాయాన్ని ముందుకు జరిపిందని అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ 2002లో అభియోగం మోపింది. కంపెనీ కోటి డాలర్ల జరిమానా కట్టింది. బిల్లులు నిజమైనవే, కొనుగోలుదారులూ నిజమైనవారే. తేడా ప్రధానంగా ఒకే ధరను ఎలా పంచారన్న దగ్గరే. అందుకే పంపకం ఏడాది చివర లాభం చూసుకుంటూ చేసేది కాకూడదని, ఒప్పందం రోజునే జరగాలని నేను పట్టుబడుతున్నాను.

విడి ధర అంటే అంచనాయే కదా, మనిషికో అంకె వేస్తాడు, ఇంతకంటే బిల్లులో ఉన్న అంకే నమ్మదగింది కాదా అన్న అభ్యంతరం ఉంది. బిల్లులో అంకె బేరం తెగిన తీరును బట్టి పడుతుంది. పరికరాల బడ్జెట్‌లోంచే డబ్బు వస్తుందని ఆసుపత్రి చెబితే మొత్తం లైసెన్స్ వరుసలో చేరుతుంది, అంతే. అంచనా మీద అపనమ్మకంతో మరీ బిగించి చూసిన కాలమూ ఉంది. అమెరికాలో 1997 నాటి సాఫ్ట్‌వేర్ నిబంధన, ఇంకా అందించాల్సినవాటి ధరకు ఆ కంపెనీ సొంత అమ్మకాల నుంచే ఆధారం అడిగింది. లేకపోతే చాలా సందర్భాల్లో మొత్తం ఆదాయాన్నే వాయిదా వేయించింది. చేసిన పనికి కూడా ఆదాయం కనబడకపోవడం ఇంకో రకం తప్పుడు లెక్క. అందుకే 2014లో వచ్చిన ప్రమాణం, దాని బాటలోనే మన ఇండ్ ఏఎస్ 115, సమర్థించుకోగల అంచనాను అంగీకరించాయి. మార్కెట్ ధర చూడవచ్చు, ఖర్చుకు మామూలు లాభం కలపవచ్చు. మిగతావాటి ధరలు తీసేసి ‘మిగిలిందంతా లైసెన్స్‌దే’ అనడం మాత్రం, ఆ లైసెన్స్ ధర ఒక్కో కొనుగోలుదారుకు విపరీతంగా మారుతున్నప్పుడో, ఇంకా ధర నిర్ణయం కానప్పుడో తప్ప కుదరదు. చిన్న కంపెనీకి అన్నిటికంటే మంచి ఆధారం తన ఏఎంసీ పునరుద్ధరణ బిల్లులే. సపోర్టు ఒక్కదానికే కొనుగోలుదారు తన ఇష్టంతో కట్టిన ధర అది.

పన్ను భయం రెండోది. జీఎస్టీ బిల్లు మీద పడుతుంది, ఆదాయం ఎప్పుడు రాశామన్న దాని మీద కాదు. పై ఉదాహరణలో 5.40 లక్షలు ఎలాగూ కట్టాల్సిందే. పుస్తకాల టర్నోవర్‌కు, జీఎస్టీ టర్నోవర్‌కు తేడా వస్తుంది నిజమే, అందుకు సమన్వయ పట్టిక తయారుచేసుకోవాలి. ఆదాయపు పన్ను లెక్కింపు ప్రమాణం కూడా సేవల ఆదాయాన్ని పని జరిగిన మేరకే చూపమంటుంది. ఇక్కడ ఒక ఇబ్బందిని మాత్రం దాచను. ‘ఉచితం’ అని రాసిన సేవకు ధరలో వాటా ఉందని అధికారిని ఒప్పించడం కష్టం. టీడీఎస్ కూడా మొత్తం బిల్లు మీద ఒకేసారి కోస్తారు కాబట్టి ఆ క్రెడిట్‌ను ఆదాయం చూపిన ఏళ్లకు పంచుకుంటూ పోవాలి. ఈ చిక్కుకు మందు ఒప్పంద పత్రంలోనే ఉంది. ‘ఉచితం’ అన్న మాట తీసేసి లైసెన్స్ 18, సపోర్టు 9, శిక్షణ 3 అని విడి వరుసల్లో రాస్తే కొనుగోలుదారు కట్టే మొత్తం మారదు, వివాదానికి చోటూ తగ్గుతుంది.

బ్యాంకు లిమిట్ సంగతి యజమానులు ఎక్కువగా అడిగేది, అడగదగ్గదే. 5 కోట్ల లోపు వర్కింగ్ క్యాపిటల్ లిమిట్‌ను సాధారణంగా అంచనా టర్నోవర్‌లో 20 శాతంగా లెక్కిస్తారు. ఈ ఒక్క ఒప్పందంలో 12 లక్షలు వాయిదా పడితే లిమిట్ 2.40 లక్షలు తగ్గుతుంది. పద్ధతి మార్చిన మొదటి ఏడాది ఈ దెబ్బ తప్పదు. రెండో ఏడాది నుంచి పాత ఒప్పందాల వాటాలు వస్తుంటాయి కాబట్టి టర్నోవర్ మార్చి మీద ఆధారపడకుండా నిలకడగా ఉంటుంది. మొదటి ఏడాది బ్యాంకు మేనేజరుకు జీఎస్టీ రిటర్నుల్లోని బిల్లుల మొత్తం, సంపాదించని ఆదాయపు జాబితా పక్కపక్కన పెట్టి చూపించాలి. రాబోయే ఏళ్లకు ఖాయమైన ఆదాయం ఎంతో దాంట్లో కనబడుతుంది.

మీ కంపెనీలో ఈ సమస్య ఉందో లేదో ఒక పూటలో తేల్చుకోవచ్చు. సపోర్టు విభాగం ఏడాది జీతాలు ఒకవైపు, పుస్తకాల్లో సపోర్టు ఆదాయం మరోవైపు రాయండి. ఆదాయం జీతాలకు కూడా సరిపోక, అదే సమయంలో లైసెన్స్ అమ్మకాల మీద అసాధారణ లాభం కనబడితే, సపోర్టు డబ్బు లైసెన్స్ ఖాతాలోకి పోయి ఉండవచ్చు.

ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్‌ను, కంపెనీ వ్యవహారాల శాఖను నేను కోరేది ఏఎస్ 9లో రెండు పేరాలు: విడి బాధ్యతలను ఎలా గుర్తించాలి, విడి ధరల నిష్పత్తిలో మొత్తాన్ని ఎలా పంచాలి. ఇండ్ ఏఎస్ 115ను పూర్తిగా చిన్న కంపెనీల నెత్తిన పెట్టమని అడగడం లేదు. ఆ సవరణ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ప్రతి ఏప్రిల్‌లో డైరెక్టర్లు విడి ధరల పట్టికను ఆమోదించి తేదీ వేయాలి. ప్రతి ఒప్పందానికీ బిల్లు వేయకముందే బాధ్యతలు, విడి ధరలు, వాటాలు, తీరే తేదీలు ఉన్న ఒక పేజీ ఫైల్లో చేరాలి. అమ్మకాల విభాగం విడిగా ఇచ్చిన హామీ లేఖలు, ఈమెయిళ్లు కూడా ఆ పేజీలోకి రావాలి, అవీ బాధ్యతలే. పద్ధతి మార్చిన ఏడాది ఆ మార్పునూ దాని ప్రభావాన్నీ నోట్స్‌లో చెప్పాలి. ఆడిటర్లు మార్చిలో వేసిన పెద్ద బిల్లులకు ముందుగా ఆ పేజీ అడగాలి, దాని మీద తేదీ ఒప్పందం నాటిదో, మార్చి 31 తర్వాతిదో చూడాలి.