ఘాట్లపై కెమెరా: భక్తుల గోప్యతకు హద్దు ఎక్కడ?

జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో పండుగ దృశ్యాలను వృత్తి ఛాయాగ్రాహకులు మాత్రమే చిత్రీకరించిన కాలం గడచిపోయింది. దుర్గాపూజ మండపాల వద్ద, ఛఠ్ పర్వదినాన సువర్ణరేఖ నది ఒడ్డున, బిష్టుపూర్‌లో తెలుగువారి శ్రీరామ మందిరంలో ఉత్సవాల వేళ, వార్తా కెమెరాల పక్కనే నిర్వాహకుల ప్రత్యక్ష ప్రసారమూ, భక్తుల ఫోన్లూ పనిచేస్తుంటాయి. వాటన్నింటిలోనూ దేవుడికంటె ఎక్కువగా కనిపించేది జనం. ఆ జనంలో ఎవరి ముఖాన్ని ఎంత దగ్గరగా చూపవచ్చు, ఎవరి అనుమతితో చూపవచ్చు అన్న ప్రశ్నకు ఇప్పటికీ స్పష్టమైన ఆచరణ లేదు.

దాని పర్యవసానం 2025 ప్రయాగ్‌రాజ్ మహాకుంభమేళాలో బయటపడింది. పుణ్యస్నానాలు చేస్తున్న మహిళల వీడియోలు ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల్లో కనిపించాయి. టెలిగ్రామ్ ఛానెళ్లలో అలాంటివి డబ్బుకు అమ్ముతామన్న ప్రకటనలు వెలువడ్డాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఫిబ్రవరిలో కేసులు నమోదు చేసి, ఖాతాల వివరాలు ఇవ్వాలని మెటా సంస్థను కోరారు. అదే మేళాలో పూసల దండలు అమ్ముకోవడానికి వచ్చిన ఒక బాలిక వీడియోలు దేశమంతటా వ్యాపించాయి. ఆమెతో ఫోటో దిగడానికి ఎగబడిన జనం ధాటికి వ్యాపారం సాగక, ఆమెను కుటుంబం తిరిగి ఇంటికి పంపించవలసి వచ్చింది. మొదటిది నేరబుద్ధితో జరిగింది. రెండోదానిలో ఎవరికీ దురుద్దేశం ఉన్నట్లు లేదు. అయినా రెండింటిలోనూ కెమెరా ముందున్న వ్యక్తిని అనుమతి అడిగినవారు లేరు.

బహిరంగ స్థలంలో ఉన్నవారికి గోప్యత ఏమిటన్న వాదన తరచుగా వినిపిస్తుంది. సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. గోప్యత మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది తప్ప, అతడు బహిరంగ స్థలంలోకి వచ్చినంత మాత్రాన పోదన్నది ఆ తీర్పులోని ప్రధాన అభిప్రాయాల్లో ఒకటి. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2003లో పెక్ కేసులో దీన్ని మరింత సూటిగా తేల్చింది. ఇంగ్లండులోని బ్రెంట్‌వుడ్ వీధిలో నిఘా కెమెరాకు చిక్కిన వ్యక్తి దృశ్యాలను స్థానిక సంస్థ మీడియాకు ఇచ్చింది. ముఖాన్ని సరిగా కప్పకపోవడంతో తెలిసినవారు అతడిని గుర్తుపట్టారు. దారినపోయేవారు ఒక క్షణం చూడటం వేరు, లక్షలమంది చూసేలా ప్రసారం చేయడం వేరని న్యాయస్థానం భావించింది. నదిలో స్నానం చేస్తున్న స్త్రీ పక్కనున్న వందమంది భక్తులకు కనిపించడానికి అభ్యంతరం చెప్పకపోవచ్చు. ఆ దృశ్యం పదేళ్లపాటు ఇంటర్నెట్‌లో నిలవడానికి ఆమె ఒప్పుకున్నట్లు దానివల్ల కాదు.

శిక్షాస్మృతిలో మాత్రం ఇక్కడ ఒక ఖాళీ ఉంది. రహస్య చిత్రీకరణను శిక్షించే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను, మహిళ గోప్యతను ఆశించే స్థలంలో శరీరభాగాలు బయటపడినప్పుడో, లోదుస్తుల్లో ఉన్నప్పుడో తీసిన చిత్రాలకు వర్తిస్తుంది. ఘాట్ మీద కట్టిన బట్టలు మార్చుకునే గది లోపలి చిత్రీకరణ దాని పరిధిలోకి స్పష్టంగా వస్తుంది. తడిచీరతో నీటిలో నిలబడిన వ్రతధారిణిని ఒడ్డునుంచి జూమ్ చేసి తీసిన వీడియో అంత స్పష్టంగా రాదు. అందువల్ల అక్కడ చట్టంకంటె ముందు పనిచేయవలసింది చిత్రీకరణ పద్ధతే.

ఛఠ్‌లో సాయంత్రం అస్తమించే సూర్యునికీ, మరునాటి ఉదయం ఉదయించే సూర్యునికీ అర్ఘ్యం ఇస్తారు. నడుములోతు నీటిలో ఉన్నవారంతా సూర్యునివైపే తిరిగి ఉంటారు. కెమెరా వారి వెనుక, ఒడ్డున కాస్త ఎత్తులో ఉంటే వీపులూ, చేటలూ, ఎత్తిన చేతులూ, వాటి అవతల సూర్యబింబం కనిపిస్తాయి. వెలుతురును సూర్యునికి అనుగుణంగా సరిచేస్తే మనుషులు నీడరూపాలుగానే మిగులుతారు. పండుగ అందమంతా ఆ దృశ్యంలో ఉంటుంది, ఎవరి ముఖమూ ఉండదు. పడవ ఎక్కి ఎదురుగా వెళ్లి తీసినప్పుడే ముఖాలూ, శరీరానికి అంటుకున్న తడిబట్టలూ తెరమీదికి వస్తాయి. అక్కడి నుంచి ప్రతి దృశ్యానికీ ఆ వ్యక్తి అనుమతి కావాలి.

దూరంనుంచి తీస్తే చాలునన్న నమ్మకం కూడా పాతబడింది. నేటి 4కే దృశ్యంలో అడ్డంగా 3840, నిలువుగా 2160 బిందువులు ఉంటాయి. అంటే అందులోని నాలుగో వంతును కత్తిరించినా పూర్తి హెచ్‌డీ చిత్రం దక్కుతుంది. గుంపుగా తీసిన దృశ్యం ఎడిటింగ్ గదిలో ఒక్క మనిషి చిత్రంగా మారిపోగలదు. ముఖాన్ని మసకబార్చినప్పుడు కూడా మనిషి తల తిప్పితే మసక రెండు మూడు ఫ్రేములపాటు వెనకబడుతుంది. మామూలు వేగంలో ఇది కంటికి ఆనదు. వీడియోను ఆపి చూసేవాడికి ఆ రెండు ఫ్రేములే చాలు. ఫ్రేము ఫ్రేముగా నడిపి చూడటం తప్ప దీనికి వేరే తనిఖీ లేదు. శీర్షిక చిత్రాన్ని మసకలేని మూలంనుంచి తీసుకోవడం మరో సాధారణ పొరపాటు.

పిల్లల విషయంలో చిక్కు ఇంకా లోతైనది. దేవుని వేషం వేసిన పసివాడు, తండ్రి భుజాలమీద నిద్రపోయిన పాప ఏ కెమెరామన్‌నైనా ఆకర్షిస్తారు. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లలోపువారి సమాచారాన్ని వినియోగించడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి అవసరం. పిల్లలకు సంబంధించిన ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా 200 కోట్ల రూపాయలు. సొంత అవసరానికో, ఇంటి అవసరానికో తీసుకున్న చిత్రాలకు ఈ చట్టం వర్తించదు. కమిటీ అధికారిక పేజీకి ఆ మినహాయింపు దక్కడం కష్టం. పత్రికారచనకు ప్రత్యేక మినహాయింపు ఇవ్వకపోవడంపై సంపాదకులు అభ్యంతరం తెలిపారు, అది సహేతుకమైనదే. కానీ వార్తా స్వేచ్ఛకోసం చేసే ఆ వాదన అలంకారప్రాయమైన పసిముఖానికి వర్తిస్తుందా అన్నది సందేహమే.

ఆలయ సాంస్కృతిక కార్యక్రమాల్లో నాట్య గురువు ఊఁ అన్నారు కదా అని కెమెరా నడుపుతారు. గురువు సమ్మతి తల్లిదండ్రుల సమ్మతి కాదు. పేర్ల నమోదు రోజునే చిన్న పత్రం తీసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. వీడియో ఎక్కడ పెడతారు, ఎంతకాలం ఉంచుతారు, తొలగించమని ఎవరికి చెప్పాలి అన్న మూడు విషయాలు అందులో ఉండాలి. కాదన్నా బిడ్డను నాట్యం చేయనివ్వాలి. అప్పుడే అది సమ్మతి అవుతుంది. ఇక ద్వారం దగ్గర ‘మీరు కెమెరా పరిధిలో ఉన్నారు’ అని కట్టే బోర్డు సమాచారం మాత్రమే. స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, స్పష్టమైన చర్య ద్వారా తెలిపినదే సమ్మతి అని చట్టం అంటోంది. దర్శనం కావాలంటే చిత్రీకరణకు ఒప్పుకోక తప్పని భక్తుడికి ఆ స్వేచ్ఛ లేదు.

ఆలయాల్లో ఫోన్లు నిషేధిస్తే సరిపోతుందని కొందరంటారు. తమిళనాడు ఆలయాల్లో ఫోన్లను నిషేధించాలని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2022 డిసెంబరులో ఆదేశించింది. ఆలయ పవిత్రతను కాపాడటం ఆ ఆదేశానికి ముఖ్య కారణం. అది భక్తుడి చేతిలోని ఫోన్‌ను ఆపుతుంది. నిర్వాహకుల సొంత కెమెరాల సంగతి అలాగే ఉండిపోతుంది.

డిజిటల్ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు వాటిలో 18 నెలల గడువు ఉంది. ఈలోగా పూజా కమిటీలు, వార్తాసంస్థలు తేల్చుకోవలసింది పాత దృశ్యాల సంగతి. ఏటా పండుగ రాగానే నిరుడు తీసిన దృశ్యాలే మళ్లీ తెరమీదికి వస్తాయి. ఆనాడు తండ్రి భుజంమీద నిద్రపోయిన పాప ఇప్పుడు బడికి వెళ్తూ ఉంటుంది. ఆ దృశ్యానికి ఎవరు ఒప్పుకున్నారో, దేనికి ఒప్పుకున్నారో ఫైలు పక్కన రాసి ఉంచిన సంస్థలే దాన్ని మళ్లీ వాడుకోవచ్చో లేదో చెప్పగలుగుతాయి.