వడ్డీ తగ్గించమని అడిగే లెటర్‌లో కష్టాలు రాయకండి



ఈ మధ్య ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు నాకు తమ లెటర్లు పంపి చూడమన్నారు. ఊర్లో ఇల్లు కట్టడానికి బ్యాంకు లోన్ తీసుకున్నోళ్లు. ఇప్పుడు జీతం పెరిగింది, కిస్తీలు ఒక్కటీ తప్పలేదు, అందుకే వడ్డీ తగ్గించమని బ్యాంకుకు రాశారు. అన్ని లెటర్లూ ఒకే తీరుగా ఉన్నాయి. నాన్నకు షుగరు, పాప కాలేజీ ఫీజు, గల్ఫ్‌లో ఎండలు, దయచేసి కనికరించండి. నేను కూడా మొదట అట్లనే రాశాను. జవాబు రాలేదు. ఎందుకు రాలేదో, తర్వాత ఏం రాస్తే వచ్చిందో చెప్తాను.

నేను చదివింది పదో తరగతి. బ్యాంకు పని తెలిసినోణ్ణి కాదు. కానీ సైట్ల మీద ఇరవై ఏళ్లుగా ఉన్నా. ఎక్స్‌ట్రా పని చేసినప్పుడు కొలతల షీటు పెట్టకుండా "చాలా కష్టపడ్డాం సార్" అని రాస్తే కన్సల్టెంట్ సంతకం పెట్టడు. బ్యాంకు కూడా అంతే. ఈ సంగతి మా క్యాంపులో అకౌంట్స్ చూసే గుంటూరు తమ్ముడు చెప్పేదాకా నాకు తట్టలేదు. నా మొదటి లెటర్ చదివి, "అన్నా, ఇందులో నీ మీద నువ్వే కంప్లైంట్ రాసుకున్నావ్" అన్నాడు. నిజమే. ఇంట్లో జబ్బులు, ఫీజులు, చేతిలో పైసలు ఆడట్లేదు అని రాస్తే బ్యాంకుకు ఏం అర్థమవుతుంది? వీడు రేపు కిస్తీ ఆపుతాడేమో అని. అట్లాంటోడికి వడ్డీ తగ్గిస్తారా?

కష్టం చెప్పుకునే లెటర్ వేరే ఉంది. ఉద్యోగం పోయినప్పుడు, కిస్తీ కట్టలేనప్పుడు గడువు అడగడానికి రాసేది అది. వడ్డీ తగ్గించమని అడిగే లెటర్ దానికి పూర్తిగా తిరగేసి ఉండాలి. "మీరు లోన్ ఇచ్చినప్పటి కంటే ఇప్పుడు నా వల్ల మీకు భయం తక్కువ, ఇవిగో కాగితాలు" అని చెప్పాలి.

ఇప్పుడు అసలు ఏది తగ్గుతుందో తెలుసుకోండి. 2019 అక్టోబర్ 1 తర్వాత బ్యాంకులు మారే వడ్డీ మీద ఇచ్చిన ఇంటి లోన్లలో రేటు రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి బయటి రేటు, చాలా బ్యాంకుల్లో అది రిజర్వ్ బ్యాంకు రెపో రేటు. రెండోది దాని మీద బ్యాంకు వేసుకునే మార్జిన్, దాన్ని స్ప్రెడ్ అంటారు. రెపో తగ్గితే మన వడ్డీ మూడు నెలల లోపు దానంతటదే తగ్గాలి, దానికి లెటర్ అక్కర్లేదు. స్ప్రెడ్ మాత్రం మనం అడగకపోతే ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. లోన్ ఇచ్చిన రోజు మన జీతం, సిబిల్ స్కోరు చూసి "ఇతని వల్ల ఇంత రిస్కు" అని వేసిన లెక్క ఆ స్ప్రెడ్‌లో ఉంటుంది. లోన్ తీసుకున్న మనిషి పరిస్థితి బాగా మారితే, అగ్రిమెంట్‌లో రాసుకున్న ప్రకారం ఆ రిస్కు ముక్కను మార్చవచ్చని రిజర్వ్ బ్యాంకు రూల్లోనే ఉంది. స్ప్రెడ్‌లో మిగతా ముక్కలను మూడేళ్లకు ఒకసారే మార్చాలని ఉండేది. 2025 అక్టోబర్ 1 నుంచి కస్టమర్‌ను నిలుపుకోవడానికి అంతకంటే ముందే తగ్గించే వీలు కూడా ఇచ్చారు. మార్చవచ్చు అన్నారు కానీ మార్చి తీరాలి అనలేదు. అందుకే అడగాలి, అడిగేది కూడా ఆ స్ప్రెడ్ పేరు పెట్టి అడగాలి.

నా లెక్క చూడండి. 2020 జూన్‌లో పదిహేడున్నర లక్షలు, 16 ఏళ్లకు తీసుకున్నా. అప్పుడు నేను చార్జ్‌హ్యాండ్, జీతం 2,400 దిర్హాములు. రెపో 4.00, నా స్ప్రెడ్ 2.90, మొత్తం 6.90 శాతం. తర్వాత రెపో 6.50కి ఎక్కింది, నా వడ్డీ 9.40 అయింది, పదిహేను వేల చిల్లర ఉన్న కిస్తీ 17,410కి పోయింది. 2024 జులై నాటికి 48 కిస్తీలు కట్టాను, అసలు ఇంకా 15 లక్షలు, గడువు ఇంకా 12 ఏళ్లు. ఈలోపు సూపర్‌వైజర్‌ను అయ్యాను, జీతం 4,200 దిర్హాములు అయింది. అదే బ్యాంకు, అదే నెలలో, మంచి స్కోరు ఉన్న కొత్తోళ్లకు 8.60 శాతానికి ఇస్తోంది. అంటే స్ప్రెడ్ 2.10. నాలుగేళ్లు తప్పకుండా కట్టిన నాకు 2.90, నిన్న వచ్చినోడికి 2.10.

ఇంగ్లిష్‌లో పంపిన నా రెండో లెటర్ తెలుగులో ఇట్లుంటుంది:

"బ్రాంచి మేనేజర్ గారికి. నా ఇంటి లోన్ అకౌంట్ నంబరు ఫలానా. 2020 జూన్‌లో ఇచ్చినప్పుడు నా నెల జీతం 2,400 దిర్హాములు, కిస్తీ జీతంలో మూడో వంతుకు దగ్గరగా ఉండేది. ఇప్పుడు జీతం 4,200 దిర్హాములు, కిస్తీ ఐదో వంతు కూడా లేదు. 48 కిస్తీలూ గడువు తేదీనే జమ అయ్యాయి, ఒక్కటీ బౌన్స్ కాలేదు. నా స్ప్రెడ్ 2.90 ఉంది. ఇదే తరహా కొత్త లోన్లకు మీరు 2.10 తీసుకుంటున్నారు. నా క్రెడిట్ పరిస్థితిని మళ్లీ పరిశీలించి స్ప్రెడ్‌ను 2.10కి తగ్గించమని కోరుతున్నాను. దీనికి చార్జీ ఎంతో రాతపూర్వకంగా తెలపండి. కిస్తీ మొత్తం ఇంతే ఉంచి గడువు తగ్గించండి."

అంతే. దీనితో పాటు కంపెనీ ఇచ్చిన కొత్త సాలరీ సర్టిఫికెట్, జీతం పడే అకౌంట్ ఆరు నెలల స్టేట్‌మెంట్, లోన్ స్టేట్‌మెంట్, సిబిల్ రిపోర్టు పెట్టాను. ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా వస్తుంది. లోన్‌లో రిజిస్టరైన ఈమెయిల్ నుంచే పంపాను. ఫోన్‌లో అడిగితే "చూస్తాం సార్" అంటారు, అక్కడితో అయిపోతుంది. మెయిల్‌కు తేదీ ఉంటుంది.

పంపే ముందు మీ రికార్డు మీరే చూసుకోండి. "నేను ఎప్పుడూ తప్పలేదు" అని మనం అనుకుంటాం. కానీ ఇక్కడి నుంచి డబ్బు పంపడం ఒక రోజు ఆలస్యమై, ఐదో తారీఖు ఊరి అకౌంట్‌లో బ్యాలెన్స్ లేక కిస్తీ ఒకసారి వెనక్కి పోయి ఉంటుంది. రెండు రోజుల్లో కట్టేశాం కాబట్టి మనం మర్చిపోతాం. లోన్ స్టేట్‌మెంట్‌లో బౌన్స్ చార్జీ కనిపిస్తే "ఒక్కటీ తప్పలేదు" అని రాయకండి. "2022లో ఒకటి రెండు రోజులు ఆలస్యం, ఆ తర్వాత లేదు" అని ఉన్నదున్నట్టు రాయండి. వాళ్ల దగ్గర అంతా కనిపిస్తుంది.

పంతొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. ఒప్పుకున్నారు, చార్జీ జీఎస్టీతో 5,900 అన్నారు. ఫారం మీద నాదీ, కో-అప్లికెంట్ అయిన నా భార్యదీ సంతకాలు కావాలన్నారు. నాది కొరియర్‌లో పంపాను, ఆమె బ్రాంచికి పోయి పెట్టింది.

ఆ తర్వాత రెండు చోట్ల జారిపోయేవాణ్ణి. మొదటిది, వచ్చే నెల స్టేట్‌మెంట్ చూస్తే వడ్డీ 8.60 అయింది కానీ కిస్తీని 16,734కి తగ్గించారు. నెలకు 676 మిగులుతుంది, సంతోషమే కదా అనిపిస్తుంది. అట్లనే పోతే 12 ఏళ్లకు మిగిలేది దాదాపు 97 వేలు. కిస్తీ 17,410 అట్లనే ఉంచితే లోన్ తొమ్మిది నెలలకు పైగా ముందే తీరుతుంది, మిగిలేది దాదాపు 1,64,000. మళ్లీ మెయిల్ పెట్టి కిస్తీ పాతదే చేయించాను.

రెండోది, వారం తిరగకముందే ఒక ఫోన్. "సార్, మీ జీతం పెరిగింది కదా, ఆరు లక్షలు టాప్-అప్ ఇస్తాం." మన సాలరీ సర్టిఫికెట్ వాళ్ల చేతికి పోయింది కదా, ఈ ఫోన్ మీకూ వస్తుంది. వడ్డీ తగ్గించుకోవడానికి పోయి అప్పు పెంచుకుని వచ్చినోళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. వద్దని చెప్పాను.

బ్యాంకు కాదంటే? మారే వడ్డీ ఉన్న ఇంటి లోన్‌ను ముందే కట్టేసినా, వేరే బ్యాంకుకు మార్చుకున్నా మనలాంటి వ్యక్తుల దగ్గర పెనాల్టీ తీసుకోకూడదు. మన లెటర్‌కు బలం అదే. కానీ ఉత్త బెదిరింపు రాయకండి. కొత్త బ్యాంకులో ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్, స్టాంపు ఖర్చులు ఉంటాయి, మీరు ఊరికి పోవాల్సి రావచ్చు. అవన్నీ కలిపినా లాభమే అనిపించి, వేరే బ్యాంకు నుంచి కాగితం మీద ఆఫర్ చేతికి వచ్చాకే ఆ మాట రాయండి. ముప్పై రోజులైనా జవాబే ఇవ్వకపోతే cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టవచ్చు. జవాబు ఇచ్చి "తగ్గించం" అంటే మాత్రం అది బ్యాంకు వ్యాపార నిర్ణయం, అంబుడ్స్‌మన్ దాన్ని మార్చడు.

ఈ పద్ధతి అన్ని అప్పులకూ పనికిరాదు. ఇక్కడి బ్యాంకుల్లో స్థిర వడ్డీకి తీసుకున్న పర్సనల్ లోన్‌లో స్ప్రెడ్ అనే మాటే ఉండదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు రెపో రూలు లేదు, అక్కడ "కొత్తోళ్లకు ఇస్తున్న రేటు ఎంత, దానికి మారడానికి చార్జీ ఎంత" అని అడగాలి. 2019 కంటే ముందు తీసుకున్న పాత బ్యాంకు లోన్ అయితే ముందు రెపో రేటుకు మార్చమని అడగండి, స్ప్రెడ్ మాట ఆ తర్వాత.

నా వడ్డీ ఇప్పుడు ఎంతో తెలుసా? 2025లో రెపో 6.50 నుంచి 5.25కి దిగింది, దాంతో నాది 7.35 అయింది. ఆ లెటర్ రాయకపోయి ఉంటే 8.15 కడుతుండేవాణ్ణి, రెపో తగ్గింది కదా అని తృప్తిగా కూడా ఉండేవాణ్ణి.

రేపు సెలవే కదా. మీ లోన్ స్టేట్‌మెంట్ తీసి స్ప్రెడ్ ఎంతో చూడండి. అందులో కనిపించకపోతే బ్రాంచికి మెయిల్ పెట్టి అడగండి. లెటర్ రాశాక నాకు పంపితే చదువుతా. నాన్నగారి షుగరు సంగతి మాత్రం నాకు ఫోన్‌లో చెప్పండి, బ్యాంకుకు వద్దు.