ఎన్నాళ్లో రాయని మాత్ర

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితం ఈసారి జాగ్రత్తగా చూడండి. యాంటీబయాటిక్ పక్కన ఐదు రోజులు అని ఉంటుంది. నొప్పి మాత్ర పక్కన పది రోజులు అని ఉంటుంది. పాంటోప్రజోల్ 40 పక్కన మాత్రం ‘పరగడుపున’ అని రాసి వదిలేస్తారు. పొద్దున వేసుకోవాలని తెలుస్తుంది, ఎన్ని పొద్దులు వేసుకోవాలో తెలియదు. ఆ ఒక్క సంఖ్య రాయకపోవడం వల్ల ఏళ్ల తరబడి ఈ మాత్ర మింగుతున్నవాళ్లు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లలో మా పెద్దమ్మ ఒకరు.

ఆవిడకు మోకాలి కీలు మార్పిడి జరిగింది. ఆపరేషన్ తర్వాత వాడే నొప్పి మాత్రలు కడుపు లోపలి పొరను దెబ్బతీసి పుండ్లు చేస్తాయి కాబట్టి, వాటితోపాటు పాంటోప్రజోల్ రాశారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రాయడంలో తప్పేమీ లేదు. అరవై దాటిన మనిషికి ఆ రక్షణ అవసరమే. నొప్పి మాత్ర రెండు వారాల్లో ఆగిపోయింది. దానికి కాపలాగా పెట్టిన మాత్ర మాత్రం నాలుగేళ్లకు పైగా ఆగలేదు. ఈలోగా ఎముకల డాక్టరు చూశారు, షుగరు డాక్టరు మూడు నెలలకోసారి చూశారు, బీపీ చూసే ఆయనా చూశారు. అందరూ పాత మందుల చీటీ అడిగారు, తిప్పి చూశారు, ‘ఇవే కంటిన్యూ చేయండమ్మా’ అన్నారు. ఈ గ్యాస్ మాత్ర దేనికి వేసుకుంటున్నారని ఒక్కరూ అడగలేదు. మందుల షాపులో అసలే అడగరు. చట్టం ప్రకారం చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు ఇది. అయినా పాత స్ట్రిప్పు చూపిస్తే చాలు, కొత్తది చేతిలో పెడతారు.

మూడో ఏడు దాటాక పెద్దమ్మ అరికాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. చీకట్లో నడిస్తే తూలేది. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నారు, ఇంకో మాత్ర చేర్చారు. ఆవిడ శాకాహారి, బి12 విటమిన్‌కు పాలు, పెరుగే ఆధారం. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతోంది. దాని మీద రోజుకు రెండు పాంటోప్రజోల్. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే బి12 పరీక్ష చేయించాలని తట్టకపోవడాన్ని నేను క్షమించలేను. ఇదేమీ అరుదైన విజ్ఞానం కాదు. ఆహారంలోని బి12 ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. కడుపులోని ఆమ్లం, పెప్సిన్ కలిసి దాన్ని విడదీస్తేనే పేగు పీల్చుకోగలదు. మాత్రతో ఆమ్లం తగ్గిస్తే విడదీసే పని కుంటుపడుతుంది. విడిపడిన కాస్త బి12నూ చిన్నపేగు చివర పీల్చుకోనీయకుండా మెట్‌ఫార్మిన్ అడ్డుపడుతుంది. కాలిఫోర్నియా రోగుల రికార్డులతో 2013లో వచ్చిన అధ్యయనంలో, ఈ రకం మందులు రెండేళ్లకు మించి వాడినవారిలో బి12 లోపం ఉండే అవకాశం 65% ఎక్కువగా కనిపించింది. చివరికి బంధువుల్లోనే ఉన్న ఒక చిన్న డాక్టరమ్మ పట్టుబట్టి పరీక్ష చేయిస్తే పెద్దమ్మ రక్తంలో బి12 మిల్లీలీటరుకు 142 పికోగ్రాములే ఉంది. 200 కంటే తగ్గితే లోపం కిందే లెక్క. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. తూలడం తగ్గింది. కానీ చాలాకాలం ఆకలితో మాడిన నరం పూర్తిగా కోలుకోదు, తిమ్మిరి కొంత అలాగే ఉండిపోయింది.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఈ మందు మీద కోపంతో లేనిపోని భయాలు పెంచడం నాకిష్టం లేదు. మూత్రపిండాలు, ఎముకలు, మతిమరుపు అంటూ వినవచ్చే ప్రమాదాల్లో చాలావాటికి ఆధారం రికార్డులు తిరగేసి చేసిన అధ్యయనాలే. అసలే జబ్బుపడినవాళ్లు ఈ మాత్ర ఎక్కువగా వాడతారు కాబట్టి, జబ్బు తెచ్చిన నష్టం మాత్ర ఖాతాలో పడి ఉండవచ్చు. గుండె, రక్తనాళాల జబ్బులున్న పదిహేడు వేలమందికి పైగా సగటున మూడేళ్లు పాంటోప్రజోల్ గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. అందులో స్పష్టంగా పెరిగింది పేగు ఇన్‌ఫెక్షన్లే. అయితే మెగ్నీషియం తగ్గిపోవడం నిజం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే దాని గురించి హెచ్చరించింది. ముఖ్యంగా ఏడాదికి మించి వాడేవారికి, నీరు పోయే మాత్రలు కూడా వేసుకునేవారికి పిక్కలు పట్టేయడం, గుండె దడ రావచ్చు. మూత్రపిండంలో ఉన్నట్టుండి వాపు రావడమూ నిజమే, అరుదే అయినా. అవసరం ఉన్నవాడికి ఈ ముప్పు చిన్నది, భరించదగ్గది. అవసరమే లేనివాడు ఆ చిన్న ముప్పు మాత్రం ఎందుకు భరించాలి?

నన్ను ఎక్కువగా మండించింది ఆ తర్వాత జరిగింది. బి12 సంగతి తెలిశాక పెద్దమ్మ కోపంతో రెండు మాత్రలూ ఒకేసారి మానేసింది. నాలుగో రోజుకే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, రాత్రి నిద్ర లేదు. ఆపరేషన్‌కు ముందు ఆవిడకు జీవితంలో ఎన్నడూ మంట లేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ‘చూశారా, మానేస్తే ఎలా వచ్చిందో! మీకు ఇది జీవితాంతం కావాలి’ అన్నారు. మందు వల్ల వచ్చిన మంటను మందు అవసరానికి సాక్ష్యంగా చూపించారు.

జరిగింది వేరు. కడుపులో ఆమ్లం తగ్గిందని తెలియగానే శరీరం ఊరుకోదు. గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. ఆ హార్మోన్ నెలల తరబడి పురిగొల్పడంతో ఆమ్లానికి ఆదేశాలిచ్చే కణాలు బలిసిపోతాయి. మాత్ర ఉన్నంతకాలం ఆమ్లం వదిలే పంపులు మూతపడి ఉంటాయి కాబట్టి ఏమీ తెలియదు. మాత్ర ఆగగానే, కొద్ది రోజుల్లో కొత్త పంపులు తయారవుతాయి. బలిసిన కణాలు మునుపటికంటే గట్టిగా ఆదేశిస్తాయి. ఆమ్లం వరదలా వస్తుంది. డెన్మార్క్‌లో 2009లో దీన్ని నిరూపించారు. ఏ మంటా లేని 120 మంది ఆరోగ్యవంతులను తీసుకుని, సగం మందికి ఎనిమిది వారాలు ఎసోమెప్రజోల్ 40 ఇచ్చి, తర్వాత వాళ్లకు తెలియకుండా ఉత్తుత్తి మాత్రకు మార్చారు. మార్చిన నాలుగు వారాల్లో వాళ్లలో 44% మందికి మంట, తేన్పుల వంటి బాధలు వచ్చాయి. మొదటినుంచీ ఉత్తుత్తి మాత్రే తీసుకున్నవారిలో అవి 15% మందికే వచ్చాయి. జబ్బే లేనివాళ్లకు రెండు నెలల మాత్ర జబ్బు లక్షణాలు తెచ్చిపెట్టింది! ఇది తెలిసి పదిహేనేళ్లు దాటింది. ఇంకా మన ఊళ్లలో ‘జీవితాంతం’ అనే మాట అంత తేలిగ్గా ఎలా వస్తోంది?

ఆ డాక్టరమ్మే మళ్లీ కూర్చోబెట్టి అడిగింది. ‘పెద్దమ్మా, ఎప్పుడైనా నెత్తురు వాంతి అయిందా? విరేచనం తారులా నల్లగా అయిందా? ముద్ద దిగడం కష్టంగా ఉందా? ఊరికే బరువు తగ్గావా? ఆస్పిరిన్, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నావా? ఎండోస్కోపీ చేశారా?’ అన్నిటికీ లేదు అనే జవాబు. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా సొంతంగా మానకూడదు. పుండు నుంచి రక్తస్రావం అయినవారు, ఆస్పిరిన్‌తో పాటు ఇంకో రక్తం పలచబడే మందు వాడే పెద్దవారు, అన్నవాహిక బాగా ఒరుసుకుపోయినవారు, అక్కడి పొర మారిపోయి బారెట్స్ అని తేలినవారు దీన్ని కొనసాగించాల్సిందే. వాళ్లు ఈ వ్యాసం చదివి మానేస్తే ప్రాణం మీదకు వస్తుంది.

పెద్దమ్మను మళ్లీ మాత్ర మొదలుపెట్టించి, మెట్లు దించినట్టు దించారు. మొదట రాత్రి మాత్ర తీసేసి పొద్దున ఒక్కటే, రెండు వారాలు. తర్వాత 40 బదులు 20 మిల్లీగ్రాములది, మూడు వారాలు. 40 మాత్రను విరిచి సగం వేసుకోకూడదు. మాత్ర పైపొర పోతే కడుపులోని ఆమ్లమే మందును పాడుచేస్తుంది. 20 మాత్ర విడిగా దొరుకుతుంది, అదే రాయించుకోవాలి. తర్వాత రోజు విడిచి రోజు, రెండు వారాలు. ఆ తర్వాత పూర్తిగా బంద్. ఒక్కసారిగా ఆపడం కంటే మెల్లగా తగ్గించడమే ఖాయంగా మేలని తేలలేదు. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2022లో రెండు పద్ధతులూ సరేనంది. కానీ ఒకసారి మంటతో బెదిరిపోయిన మనిషికి మెల్లగా దించడమే ధైర్యం.

మధ్యలో మంట వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే చెప్పారు. తిన్న తర్వాత మంటకు యాంటాసిడ్ సిరప్. రాత్రి మరీ ఇబ్బందైతే ఫామోటిడిన్ 20. అదీ రోజూ కాదు, ఎందుకంటే వరసగా వేస్తే ఒకటి రెండు వారాల్లో దాని బలం సన్నగిల్లుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఈ రెండూ డాక్టరును అడగకుండా వాడకూడదు. రాత్రి భోజనం ఏడున్నరకు జరిపారు, మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టారు. అన్నిటికంటే మేలు చేసింది ‘మంట వస్తుంది, రెండు వారాల్లోపే మొదలవుతుంది, వారం వారం తగ్గుతుంది, అది జబ్బు తిరగబెట్టడం కాదు’ అని ముందే చెప్పిన మాట. రెండు మూడు నెలలైనా అదే తీవ్రతతో ఉంటే అప్పుడది నిజమైన రిఫ్లక్స్ కావచ్చు. అలాంటివారికి తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టడంలో ఓటమి ఏమీ లేదు. ఇంకో సంగతి. చెమటలు పడుతూ, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి గ్యాస్ కాదు. దానికి సిరప్ తాగుతూ కూర్చోకుండా ఈసీజీకి పరుగెత్తాలి.

పూర్తిగా ఆపాక ఆరో వారంలో పెద్దమ్మకు మంట సద్దుమణిగింది. ఇప్పుడు పెళ్లిభోజనం తిన్న రోజు తప్ప సిరప్ కూడా అక్కర్లేదు. అంటే ఆ నాలుగేళ్ల మాత్రల్లో మొదటి రెండు వారాలవి తప్ప మిగతావన్నీ వృథా.

ఆమె పాత డిశ్చార్జి కాగితం తీసుకుని నేనే ఆ ఆసుపత్రికి వెళ్లాను. ‘ఎన్నాళ్లో రాయలేదేం?’ అని అడిగితే కౌంటరు దగ్గరి అబ్బాయి కంప్యూటర్ తిప్పి చూపించాడు. మోకాలి ఆపరేషన్‌కు మందుల జాబితా ముందే నింపి ఉంది, పేరు మారిస్తే చాలు. అందులో పాంటోప్రజోల్ వరసలో రోజుల గడి ఖాళీ. డాక్టరు గారికి చెబుతానన్నాడు. నెల తర్వాత అదే ఆసుపత్రిలో మోకాలు మార్పించుకున్న మా పక్కింటాయన కాగితం చూశాను. గడి ఇంకా ఖాళీగానే ఉంది. నొప్పి మాత్ర ఎన్ని రోజులో, ఆ గడిలోనూ అన్నే రోజులు రాయండి. మీ కీబోర్డు మీద రెండు అంకెల పని అది.