కారు కొనాలా, చందాపై తీసుకోవాలా?

ఏ నెలలోనైనా బెంగుళూరుకు బదిలీ కావచ్చునన్న సోదరుడొకరు హైదరాబాదులో కారు కొనాలా, నెలవారీ చందాపై తీసుకోవాలా అని అడిగారు. వడ్డీ రుణం వద్దని నగదు కూడబెట్టుకున్నారు.

చందా అంటే నిజానికి అద్దెయే. కారు సంస్థది, బీమా, సర్వీసింగు సాధారణంగా దాని బాధ్యతే. ఇంధనం మనది.

ఒక లెక్క చూద్దాం. బీమా, జీవితకాల పన్నుతో కలిపి పది లక్షలయిన కారును ఎనిమిది నెలలకు అమ్మితే ఎనిమిది లక్షలు వచ్చాయనుకుందాం. నష్టం రెండు లక్షలు. నెలకు 25,000 చొప్పున చందా కూడా అంతే. అదే కారును రెండేళ్ళకు ఏడు లక్షలకు అమ్మితే, రెండవ ఏటి బీమా, సర్వీసింగుతో మొత్తం ఖర్చు మూడున్నర లక్షలు. చందా మాత్రం ఆరు లక్షలు. కాలం పెరిగేకొద్దీ సొంత కారే చవక.

అయితే సొంత కారును వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి. ఇక్కడి నుండి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి, అక్కడ మళ్ళీ పన్ను కట్టాలి.

చందా ఒప్పందంలో ముందుగా తిరిగిచ్చేవారిపై పడే రుసుమును చూడండి. అది రెండు నెలల చందా అయితే పై ఎనిమిది నెలల ఖర్చు రెండున్నర లక్షలవుతుంది. కిలోమీటర్ల పరిమితినీ అడగండి.

బదిలీ కొద్ది నెలల్లోనే ఖాయమైతే, ముందస్తు రుసుము లేని చందా మేలు. ఏడాది దాటేలా ఉంటే, మొదటి తరుగుదల మరొకరు భరించిన పాత కారును నగదుతో కొనడం ఉత్తమం.