ఎస్‌ఓపీలో మన కష్టమే కాదు, మన ప్రశ్న కనబడాలి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మాస్టర్స్‌కి ఎస్‌ఓపీ రాసేటప్పుడు మనం సగం పేదరికంతోనే నింపేస్తున్నాం. అది నిజమే, కానీ మనం ఏం చేశామో, ఏం చేస్తామో అందులో కనబడదు.

"పోడు రైతులకు సేవ చేయాలనుంది" అని ఎవరైనా రాస్తారు. "సెలవుల్లో 12 కుటుంబాల పోడు దరఖాస్తులు నింపాను. కాగితాలు లేవని కొన్ని తిరిగొచ్చాయి. అటవీ హక్కుల చట్టం నియమాలు పెద్దల వాంగ్మూలాన్ని కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటాయి కదా, మరి ఎందుకిలా?" అని రాస్తే ప్రశ్న పుట్టినట్టు. దానికి ఆ కోర్సులో ఏ పేపర్ పనికొస్తుందో తర్వాత చెప్పాలి. చివర్లో "గ్రామసభలకు క్లెయిమ్ ఫైళ్లు తయారుచేయడంలో తోడుంటాను" అని చేసే పనిని రాయాలి.

యూనివర్సిటీ పేరు మార్చి ఇంకోచోటికి పంపినా సరిపోతోందంటే, మన ఎస్‌ఓపీ ఇంకా పూర్తికానట్టే.